బాబాయి గారి గురించి మేమందరం చెప్పిన మాట
(ప్రకాశం బ్యారేజీ గేట్ల సూపర్‌వైజర్ పదవీ విరమణ సభలో ప్రసంగం)

వేదిక మీదున్న ఎస్‌ఈ గారికి, ఈఈ గారికి, ముందు వరసలో కూర్చున్న బాబాయి గారి కుటుంబానికి, మన స్టాఫ్ అందరికీ నమస్కారం.

నేను ఈ మధ్య వచ్చిన ఏఈని. బాబాయి గారి సర్వీసంతా చూసినవాణ్ని కాను. అందుకే ఆయనతో పనిచేసిన లస్కర్లు, ఎలక్ట్రీషియన్లు, రిటైరైన డీఈల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఇప్పుడు మీరు వినేవి వాళ్ల మాటలే.

అందరినీ ముందుగా 2024 సెప్టెంబరు వరద గురించే అడిగాను. 11.43 లక్షల క్యూసెక్కులు! 1957లో బ్యారేజీ పూర్తయ్యాక అంత నీరు ఎన్నడూ రాలేదు. పడవలు కొట్టుకొచ్చి గుద్దుకుంటే కౌంటర్ వెయిట్లు విరిగాయి. ఆ సంగతులే చెబుతారనుకున్నాను. కానీ అందరూ మే నెల దగ్గర మొదలుపెట్టారు.

ఎండలు మండిపోయే ఆ రోజుల్లో బాబాయి గారు 70 గేట్లూ ఒక్కొక్కటే ఎత్తించి, దించి చూసుకునేవారట. మన ఎలక్ట్రీషియన్ చెప్పాడు: "మోటారు వేయగానే గేర్‌బాక్స్ మీద అరచెయ్యి పెట్టేవారు సార్. 'అబ్బాయ్, లోపల ఏదో గీసుకుంటోంది, విప్పు' అనేవారు. విప్పితే గ్రీజు పెచ్చులు కట్టి ఉండేది." ఓ లస్కర్ అన్నాడు: "డబ్బా మాకిచ్చి కింద నిలబడే మనిషి కాదు. తనే ఎక్కి చేత్తో పూసేవారు. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు తోముకున్నాకే టీ."

వరద రాత్రి మీట నొక్కగానే గేటు లేచిందంటే, దాని వెనక ఆ ఎండాకాలం ఉంది. రిటైరైన డీఈ గారొకరు, "ఆయన రిజిస్టరులో సంతకం పెడితే నేను మళ్లీ వెళ్లి చూసేవాణ్ని కాదు" అన్నారు. మన డిపార్ట్‌మెంటులో ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు తెలీదు.

ఇంకో సంగతీ అందరి నోటా వచ్చింది. మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 3.97 లక్షలు దాటుతుందనగానే, బాబాయి గారు ముందు అడిగేది "ఎవరెవరు తిన్నార్రా?" అని. ఒకతను చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. వాళ్లావిడకు నొప్పులొచ్చిన రాత్రి, "నువ్వు ఆసుపత్రికి పో, నీ డ్యూటీ నేను చూస్తా" అని పంపించారట. ఆ తర్వాత ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదట.

పిన్ని గారు రికార్డుకు ఒప్పుకోలేదు. "వానాకాలం మా ఇంట్లో ఫోన్ సౌండు తగ్గించం బాబూ" అని మాత్రం అన్నారు. మీరు మేల్కొన్న రాత్రులకు కూడా మా దణ్ణాలు, పిన్ని గారూ.

రికార్డింగులన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి మీ అమ్మాయికి ఇస్తున్నాం. బాబాయి గారూ, వచ్చే మే నెలలో గేట్లు ఎత్తించే రోజు ఫోన్ చేస్తాం. ఒక్క పూట వచ్చి, ఆ గేర్‌బాక్స్ మీద మా కొత్త కుర్రాళ్ల చెయ్యి కూడా పెట్టించండి. ఇప్పుడు మీరూ, పిన్ని గారూ వేదిక మీదికి రావాలి. శాలువా కప్పడానికి మన లస్కర్లను పిలుస్తున్నాను.