నాన్న మెసేజ్, తీరిగ్గా చదువుకో

చిన్నీ,

నేను, నాన్నని. నా నంబరు నీ ఫోన్లో ఉంచావో తీసేశావో తెలియదు, అందుకే ముందే చెబుతున్నా. ఎవరికీ ఏమీ కాలేదు, అందరం బాగానే ఉన్నాం, ఇన్నాళ్లకి మెసేజ్ వచ్చిందేంటని టెన్షన్ పడకు. మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చారు, కొట్లో పని లేదు, ఒక్క వేలితో ఇది టైపు చేస్తూ కూర్చున్నా. మైకు నొక్కి మాట్లాడితే తేలికే కానీ వంటింట్లో మీ అమ్మకి వినపడుతుంది. ఆవిడకి ఇంకా చెప్పలేదు. ముందే చెప్పి ఆశ పెట్టి, తీరా నువ్వు రానంటే మళ్లీ ఆవిడ మంచం ఎక్కుతుంది.

విషయం ఒక్కటే. మీరిద్దరూ ఇంటికి రండి. నువ్వొక్కదానివే రా అనడం లేదు, ఇద్దర్నీ అంటున్నా. నాలుగు రోజులుంటారో, కాఫీ తాగి వెళ్లిపోతారో మీ ఇష్టం.

అప్పట్లో మీ బాబాయి రాయబారం నడిపినప్పుడు చెప్పిన బేరాలేవీ ఇప్పుడు లేవు. గుళ్లో మళ్లీ మూడు ముళ్లు వేయించుకోవాలనీ, అతని వైపు వాళ్లు మన గడప తొక్కకూడదనీ, ఆస్తి అడగనని కాగితం రాసివ్వాలనీ, చీకటి పడ్డాకే రావాలనీ, అవన్నీ వదిలేయ్. పట్టపగలే రండి, బ్రాడీపేటలో ఎవరు చూస్తే నాకేంటి. బంధువులు ఏదన్నా అంటే నాతో అంటారు, నీ దాకా రానివ్వను. క్షమాపణ చెప్పమని కూడా ఎవరూ అడగరు. ఆ పెళ్లి నాకు ఇష్టం లేదు, అది నీకూ తెలుసు నాకూ తెలుసు, ఇప్పుడు కూర్చుని ఎవరిది రైటు ఎవరిది తప్పు అని తేల్చుకుంటే ఇంకో మూడేళ్లు పోతాయి. అతను ఎలాంటివాడో నాకు తెలియదు, నేను ఆ అబ్బాయితో సరిగ్గా మాట్లాడిందే లేదు. మాట్లాడితే తెలుస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో పడవలు తిరుగుతుంటే టీవీ ముందు నుంచి కదల్లేదు. మీ వీధి చూపిస్తారేమోనని ఛానళ్లు మారుస్తూనే ఉన్నా. మీరు పై వాటాలో ఉన్నారు, నీళ్లు అంతదాకా రాలేదు అని తమ్ముడు చెప్పాకే భోజనం చేశా. ఆ రోజే ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు, చెయ్యలేదు, కారణం చెప్పబోతే పాతదంతా తవ్వినట్టవుతుంది. తమ్ముడు నీతో మాట్లాడుతున్నాడని నాకు మొదట్నుంచీ తెలుసు, వాణ్ణి ఏమీ అనకు. మీ అమ్మ సంగతి కూడా తెలుసు. బట్టలు తీసుకొస్తానని డాబా ఎక్కిన మనిషి అరగంట దాకా దిగకపోతే ఎవరితో మాట్లాడుతోందో తెలుసుకోలేనంత అమాయకుణ్ణి కాదు. ఆవిడ మాత్రం నాకు తెలియదనే అనుకుంటోంది, నువ్వూ చెప్పకు.

ఇంకో మాట. ఇది నువ్వు వచ్చినా రాకపోయినా. నీకని చేయించిన గొలుసు, గాజులు లాకర్లోనే ఉన్నాయి, అవి నీవి. నీ టెన్త్, ఇంటర్, బీటెక్ సర్టిఫికెట్లు బీరువా పై అరలో కవర్లో భద్రంగా ఉన్నాయి. అవి చేతిలో లేక ఉద్యోగం దగ్గర ఇబ్బంది పడ్డావట కదా, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో నిన్ననే తీసి చూశా. ఇంటికి రావడం నీకు ఇప్పుడే ఇష్టం లేకపోతే నేనే తెచ్చిస్తా. బెజవాడ పనుల మీద వస్తూనే ఉంటా, వారధి దాటాక ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతా. చేతికిచ్చి వెంటనే వెళ్లిపొమ్మన్నా వెళ్లిపోతా.

మీ అమ్మ ఈసారి కూడా ఆవకాయ రెండు జాడీలు పెట్టింది. ఒకదాంట్లో వెల్లుల్లి వెయ్యదు. మన ఇంట్లో వెల్లుల్లి లేకుండా తినేది నువ్వొక్కదానివే. ఎవరూ తినరు కదా ఎందుకే అంటే, ఉండనివ్వండి అంటుంది, ఏడాది తిరిగేసరికి పనమ్మాయికి ఇచ్చేస్తుంది. ఆ జాడీకి వాసెన గుడ్డ కట్టి అటక మీద పెట్టమని నాకే ఇచ్చింది. ఇంకా పెట్టలేదు, వంటింటి గట్టు మీదే ఉంది.

జవాబు వెంటనే ఇవ్వక్కర్లేదు. అసలు ఇవ్వకపోయినా నేను మళ్లీ అలగను, తమ్ముడితో అడిగించి నీ ప్రాణం తియ్యను. అతనితో మాట్లాడుకో, అతనికి మనసొప్పకపోతే బలవంతం చెయ్యకు, మేము అన్న మాటలు అతనికీ గుర్తుంటాయి కదా. నీ నంబరు బ్లాక్ లిస్టులోంచి తీసేశా (ఎలా తియ్యాలో తెలియక సెల్ షాపు కుర్రాడితో తీయించా), ఎప్పుడు ఫోన్ చేసినా కలుస్తుంది. ఈ నెలంతా ఇంట్లోనే ఉంటా. చెప్పి వచ్చినా సరే, చెప్పకుండా వచ్చినా సరే. అతను కారం తక్కువ తినేవాడైతే మాత్రం ముందే ఒక ముక్క చెప్పు, మీ అమ్మ చెయ్యి తెలుసుగా.

నాన్న