షూరిటీ సంతకం గురించి

శీనూ, నిన్న నువ్వు షూరిటీ కాగితాలు ముందు పెట్టినప్పుడు నోరు పెగల్లేదురా. అందుకే రాస్తున్నా. సంతకం పెట్టలేను. నీ మీద నమ్మకం లేక కాదు. నాన్న అప్పట్లో తోటి మాస్టారికి షూరిటీ ఉంటే, ఆయన కట్టలేక నాన్న జీతంలో మూడేళ్లు కోత పడింది. అమ్మ గాజులు అప్పుడే పోయాయి. ఎవరికీ సంతకం పెట్టనని అమ్మకి మాటిచ్చా. బైక్ లోన్‌కి తమ్ముడు అడిగినా పెట్టలేదు, వాడింకా సణుగుతూనే ఉన్నాడు.

నీ టైలరింగ్ షాపుకి 6 లక్షలేగా? ముద్ర లోన్‌కి 10 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. సోమవారం సెలవు పెట్టి నీతో బ్యాంకుకి వస్తా. మిషన్ల అడ్వాన్సుకి నా దగ్గర 40 వేలున్నాయి, వీలైనప్పుడు ఇద్దువుగాని. కోపమొస్తే ఫోన్ చేసి తిట్టు, మాట్లాడటం మాత్రం మానకు. ఆదివారం చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకుని భోజనానికి రా.