విషయం: నాణ్యత, కొనుగోలు అధికారి ఉద్యోగ ఇంటర్వ్యూకు కృతజ్ఞతలు – ఒక కొత్త అంశం చేర్చిన రెజ్యూమె జత చేయడం గురించి

గౌరవనీయులైన ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి, పాలకమండలి అధ్యక్షులు గారికి, నాణ్యతా సలహాదారు మేడం గారికి,

నమస్కారం.

మంగళవారం నర్సంపేటలోని మీ రైతు ఉత్పత్తిదారుల సంస్థ కార్యాలయంలో నాణ్యత, కొనుగోలు అధికారి ఉద్యోగం కోసం నన్ను ఇంటర్వ్యూ చేసినందుకు మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. కొనుగోళ్లు ముగింపుకు వచ్చి లెక్కలు తేల్చుకునే హడావిడి రోజుల్లో కూడా మీరు గంటకు పైగా సమయం ఇచ్చారు. అధ్యక్షులు గారు బస్తా విప్పించి, గుప్పెడు చపాటా మిర్చి బల్ల మీద పోసి, “మీటరు సంగతి తర్వాత, ముందు చేత్తో చూసి చెప్పమ్మా” అన్నప్పుడు ఈ సంస్థలో పని ఎలా ఉంటుందో నాకు చాలావరకు అర్థమైంది. కాయను చెవి దగ్గర ఊపి గింజ చప్పుడు వినడం, తొడిమ దగ్గర విరిచి లోపలి తడి చూడడం యార్డులో హమాలీల దగ్గర నేర్చుకున్న పనులే అయినా, ఇంటర్వ్యూలో వాటి గురించి అడిగిన వారు మీరే మొదటివారు.

ఈ మెయిల్ రాయడానికి కృతజ్ఞతలు చెప్పడంతో పాటు మరో కారణం కూడా ఉంది. నేను ప్రస్తుతం పనిచేస్తున్న కోల్డ్ స్టోరేజీలో ఈ సీజన్ తిరస్కరణల లెక్క ఇంటర్వ్యూ జరిగిన మరుసటి రోజు సాయంత్రం ఖరారైంది. మీకు ఇచ్చిన రెజ్యూమెలో “లాట్ కార్డు విధానం రూపొందించి ప్రయోగాత్మకంగా అమలు చేస్తున్నాను” అని మాత్రమే రాశాను, ఎందుకంటే అప్పటికి దాని ఫలితం నా చేతిలో లేదు. ఇప్పుడు ఆ వాక్యం స్థానంలో ఫలితంతో కూడిన వాక్యాన్ని చేర్చి, సవరించిన రెజ్యూమెను దీనికి జత చేస్తున్నాను. మొదటి పేజీలో, ప్రస్తుత ఉద్యోగం శీర్షిక కింద రెండో అంశంగా అది కనిపిస్తుంది:

“మిర్చి లాట్లకు తేమ పరీక్ష నమోదు చేసే కార్డు విధానాన్ని రూపొందించి మూడు గదుల్లోనూ అమలు చేయడం, తేమ కారణంగా కొనుగోలుదారు తిప్పి పంపిన లాట్లు గత సీజన్‌లో 140కి 11 కాగా, ఈ సీజన్‌లో 152కి 3కు తగ్గడం.”

ఈ ఒక్క అంశం తప్ప రెజ్యూమెలో మరే మార్పూ చేయలేదు కాబట్టి, మిగిలిన పేజీలను మీరు మళ్లీ చదవాల్సిన అవసరం లేదు.

ఆ కార్డు ఎలా పనిచేస్తుందో ఇంటర్వ్యూలో రెండు మాటల్లోనే చెప్పగలిగాను. సలహాదారు మేడం దాని గురించి ప్రత్యేకంగా అడిగారు కనుక ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంతకుముందు లారీ దిగిన వెంటనే పైవరుస బస్తాల నుంచి నాలుగు కాయలు తీసి చూసి, బాగున్నాయనిపిస్తే లోపలికి పంపేవారు. పైన ఎండిన కాయే ఉంటుంది. తడి ఉంటే బస్తా నడుమనో అడుగుననో ఉంటుంది. అందుకని ప్రతి లాట్‌లోనూ పై, నడిమి, అడుగు వరుసల నుంచి బస్తాలు ఎంచి, ఒక్కో బస్తాలో నడిమి భాగం నుంచి కాయ తీయించి, మూడింటి తేమనూ విడివిడిగా కార్డు మీద రాయిస్తాము. సగటు రాయకూడదన్నది నేను గట్టిగా పట్టుబట్టిన నియమం, ఎందుకంటే తొమ్మిది శాతం, పద్నాలుగు శాతం ఉన్న బస్తాలను కలిపి సగటు తీస్తే లాట్ మంచిదిగానే కనిపిస్తుంది గానీ, బూజు పట్టేది ఆ పద్నాలుగు శాతం బస్తాకే. కార్డును లాట్‌కే దారంతో కడతాము. సరుకు బయటికి వెళ్లే రోజున మళ్లీ తేమ చూసి దాని పక్కనే రాస్తాము కాబట్టి, తడి రైతు కల్లం నుంచి వచ్చిందా, మా గదిలో పట్టిందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. రెండో సందర్భం కూడా ఎదురైంది. ఒక గదిలో తలుపు రబ్బరు అరిగిపోయిన సంగతి కార్డుల వల్లే బయటపడింది.

ఈ తగ్గుదల మొత్తాన్నీ నా ఖాతాలో వేసుకోవడం సరికాదని నాకు తెలుసు. ఈసారి మా వైపు కాయ ఆరబెట్టే వారాల్లో అకాల వాన తక్కువగా పడింది, దాని ప్రభావం కొంత తప్పకుండా ఉంటుంది. అలాగే, శాంపిల్ తీసే పనిని రోజూ ఓపికగా చేసినవారు అక్కడి మహిళా కూలీలు, బస్తాలు దించే హమాలీలు. నేను చేసింది పద్ధతి పెట్టడం, అది తప్పకుండా చూడడం. లెక్కలు బయటికి చెప్పడానికి మా యజమాని అనుమతి తీసుకున్నాను. కొనుగోలుదారు పేరు చెప్పవద్దని ఆయన కోరినందువల్ల దానిని రెజ్యూమెలో రాయలేదు.

అధ్యక్షులు గారు చివర్లో అడిగిన ప్రశ్న నాకు ఇంటికి వచ్చాక కూడా గుర్తుంది: సభ్యుడైన రైతు తెచ్చిన సరుకును తడి ఉందని తిప్పి పంపితే, ఆ రైతు రేపు ఎనుమాముల యార్డుకు వెళ్లి అడ్తిదారుకు ఇచ్చుకుంటాడు, అప్పుడు సంస్థకు మిగిలేదేమిటి? తిప్పి పంపే ముందు తడి ఎందుకు వచ్చిందో అడగాలని అక్కడ చెప్పాను. దానికి ఒక సంగతి జోడిస్తున్నాను. బాగా ఎండిన కాయను బస్తాలో తొక్కితే విరిగి గింజ రాలుతుంది, తాలు, తుక్కు ఎక్కువ కనిపించి ధర తగ్గుతుంది. ఆ భయంతోనే చాలామంది బస్తా తొక్కే ముందు కాయ మీద నీళ్లు చల్లుతారు. తూకం పెంచుకోవడానికి చల్లేవారు లేరని నేను అనను, కానీ ఇద్దరినీ ఒకే గాటన కట్టి మోసం అనడం వల్లే రైతుకు కోపం వస్తుందని నా అభిప్రాయం. తెల్లవారుజామున మంచుకు కాయ కాస్త మెత్తబడినప్పుడే బస్తాకు ఎత్తితే నీళ్ల అవసరమే ఉండదు. మా ప్రాంతంలో పాతతరం రైతులు కొందరు ఇప్పటికీ అలాగే చేస్తారు. తిరస్కరించిన లాట్‌ను వెనక్కి పంపకుండా, సంస్థ ఆవరణలోనే టార్పాలిన్ల మీద ఒకటి రెండు రోజులు ఆరబెట్టుకునే వీలు కల్పించి, మళ్లీ కాంటా పెడితే రైతు యార్డు దారి పట్టడు. మీ గోదాము వెనుక ఖాళీ స్థలం చూసినప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఇది. అక్కడ నీడ, కాపలా సంగతులు నాకంటే మీకే బాగా తెలుసు.

తేమ దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, దాని వెంట వచ్చే అఫ్లాటాక్సిన్ కంటికి కనిపించదు. మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 30 మైక్రోగ్రాముల వరకు అనుమతి ఉంటే, యూరప్ సమాఖ్య మిర్చికి 10 మాత్రమే అనుమతిస్తుంది. ఎగుమతి వ్యాపారులకు నేరుగా అమ్మాలన్న మీ ఆలోచన నెరవేరాలంటే కల్లం దగ్గరి నుంచే ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. మీటరు రీడింగును ఎంతవరకు నమ్మవచ్చని మేడం అడిగారు. కొనుగోలు కేంద్రంలో అప్పటికప్పుడు వేరు చేయడానికి అది చాలు. వివాదం వచ్చిన లాట్‌కు మాత్రం టోల్యూన్ డిస్టిలేషన్ పద్ధతిలో ల్యాబ్ పరీక్ష చేయించాలి. మిర్చిని ఓవెన్‌లో పెడితే నీటితో పాటు ఆవిరయ్యే నూనెలు కూడా పోయి తేమ ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంటుంది కనుక, మసాలా దినుసులకు టోల్యూన్ పద్ధతినే ప్రామాణికంగా తీసుకుంటారు.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత పేరును కాపాడుకోవడం గురించి మీరు చెప్పిన మాటలతో ఏకీభవిస్తున్నాను. లావుగా, టమాటా ఆకారంలో ఉండే ఈ కాయను తేజ లాంటి సన్నకాయ నుంచి ఎవరైనా గుర్తుపడతారు. ఇబ్బంది వచ్చేది పొడి కొట్టించినప్పుడు, లేదా వేరే ప్రాంతపు లావుకాయ కలిసినప్పుడు. తేమ కార్డులోనే ఊరు, రైతు, రకం అనే మూడు గడులు కలిపితే అదనపు ఖర్చు లేకుండా ఆ ఆధారం కూడా మన దగ్గర ఉంటుంది. ఈ మార్పు నేను ఇంకా ఎక్కడా అమలు చేయలేదు. అవకాశం వస్తే మీ దగ్గరే మొదలుపెట్టాలని ఉంది.

ఇక మిగిలినవి చిన్న విషయాలు. మీరు అడిగిన డిగ్రీ మార్కుల మెమో, ఆహార భద్రతా పర్యవేక్షకుల శిక్షణ సర్టిఫికెట్ నకళ్లను కూడా జత చేశాను. నాకు ఒక నెల నోటీసు గడువు ఉంది. నేను వేరే చోట ప్రయత్నిస్తున్న సంగతి మా యజమానికి తెలుసు. ఎంపిక తుది దశకు వచ్చాక మీరు ఆయనతో మాట్లాడాలనుకుంటే అభ్యంతరం లేదని చెప్పారు. గ్రామాల్లో తిరగాల్సి ఉంటుందని మీరు చెప్పారు. నాకు స్కూటీ, డ్రైవింగ్ లైసెన్సు రెండూ ఉన్నాయి, నల్లబెల్లి, ఖానాపురం వైపు దారులు కొత్త కావు. జీతం విషయంలో ఇంటర్వ్యూలో చెప్పిన మాటకు కట్టుబడి ఉన్నాను.

మరేదైనా పత్రం గాని, వివరణ గాని కావాలంటే రెజ్యూమెలో ఉన్న ఫోన్ నంబరుకు ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం ఆరు తర్వాత చేయగలరని మనవి. పగటిపూట గదుల లోపల ఉంటాను, అక్కడ సిగ్నల్ అందదు. మెయిల్ రాస్తే అదే రోజు రాత్రికి జవాబిస్తాను.

మీ నిర్ణయం కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
స్రవంతి
హన్మకొండ

జతపరచినవి:
Sravanthi_Resume_Updated.pdf
Degree_Marks_Memo.pdf
Food_Safety_Supervisor_Certificate.pdf