బత్తాయి తోటల డ్రిప్ శిక్షణ: హాలుకూ ఆన్‌లైన్‌కూ కలిపి పరిచయం

అందరికీ నమస్కారం. ముందు ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లు: నా గొంతు వినిపిస్తుంటే చాట్‌లో 1 అని పెట్టండి. మాట మీ దాకా రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆగుతున్నాను. అచ్చంపేట, జడ్చర్ల, గద్వాల, దేవరకొండ... అందరివీ వచ్చినయి.

నా పేరు యాదయ్య. బత్తాయి, నిమ్మ తోటల్లో డ్రిప్ నిర్వహణ మీద రైతులకు శిక్షణ ఇస్తాను. వీడియో బంద్ చేసి వింటున్నవాళ్ల కోసం చెప్తున్నా: తిప్పర్తి రైతు వేదికలో నిలబడి ఉన్నాను, ఎదురుగా 40 మంది దాకా కూర్చున్నారు. నా ఎడమ పక్క బల్ల మీద స్క్రీన్ ఫిల్టరు, మూసుకుపోయిన డ్రిప్పర్లు, కోసిన లేటరల్ పైపు ముక్కలు ఉన్నాయి. హాల్లో ఉన్నవాళ్లకు: వెనక తెర మీది గడుల్లో ఇంకో 26 మంది రైతులు మనతోనే ఉన్నారు.

హాల్లో ఎవరైనా ఇదే లింకు ఫోన్లో తెరిచి ఉంటే మైకు, సౌండు రెండూ బంద్ చేయండి. స్పీకర్ శబ్దం ఫోను మైకులోకి పోయి కూత పెడుతుంది, అప్పుడు ఆన్‌లైన్ వాళ్లకు ఒక్క మాటా అర్థం కాదు. ప్రశ్న అడగాలంటే మైకు వచ్చేదాకా ఆగండి. అది లేకుండా అడిగితే, ఆ ప్రశ్న నేను మళ్లీ చెప్పి గానీ జవాబివ్వను. ఆన్‌లైన్ వాళ్లు చాట్‌లో రాయండి, ఊరి పేరు కూడా పెట్టండి, మన ఏఈఓ మేడమ్ పైకి చదువుతారు. ఇక్కడి నుంచి ఒకటి, అక్కడి నుంచి ఒకటి తీసుకుందాం. సిగ్నల్ తక్కువుంటే మీ వీడియో ఆపండి, మాట నిలుస్తుంది.

లేజర్ లైటు వాడను. ఆ చుక్క గోడ మీదే పడుతుంది, ఫోన్లో కనబడదు. కంప్యూటర్ బాణంతోనే చూపిస్తా. డ్రిప్పర్ చేతులు మారేముందు కెమెరా దగ్గర పెడతాను, వాటి ఫోటోలు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే ఉన్నాయి. నేను "ఇదిగో, ఇక్కడ" అని ఊరుకుంటే వెంటనే ఆపండి, పేరు పెట్టి చెప్తా.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇవాళ ఆమ్లంతో పైపులు కడిగే పని ఉంది. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో ఎప్పుడూ పోయొద్దు. పోస్తే చిమ్మి చేతులు, కళ్లు కాలుతాయి. ఇది సగమే వినిపించడం ప్రమాదం. ఆ మాట రెండుసార్లు చెప్తా, చాట్‌లోనూ రాయిస్తా.

మొదటి ప్రశ్న: మీ డ్రిప్పర్లను ఏది మూస్తోంది? ఇసుక అయితే 1, పాచి అయితే 2, తెల్లటి ఉప్పు పొర అయితే 3. ఆన్‌లైన్ వాళ్లు చాట్‌లో అంకె పెట్టండి. హాల్లో ఉన్నవాళ్లు అన్నే వేళ్లు చూపించండి, చాట్ లెక్క తేలేదాకా చెయ్యి దించకండి.