సీన్ 7 లైటింగ్ ప్లాన్: అమ్మ, కొడుకు, మిద్దె ఇంట్లో

లొకేషన్: కడప దగ్గర పాత మిద్దె ఇల్లు, వెనక గది. సమయం: ఉదయం 8:30 నుంచి 11:30. కథలో సాయంత్రం.

ఈ సీన్ అంతా ఒక్క స్విచ్ మీద ఆధారపడి ఉంది. కొడుకు పొలానికి అడ్వాన్స్ తీసేసుకున్నాడు, అమ్మకు చెప్పలేదు. అమ్మ లేచి లైటు వేశాకే వాడి మొహం మనకు పూర్తిగా కనపడాలి. అంతవరకు వాడు చీకట్లోనే ఉండాలి. చూసేవాళ్లకు కనపడటం లేదేమో అని ఎవరూ భయపడొద్దు.

కిటికీ పడమటి వైపు ఉంది. పొద్దున ఆ వైపు ఎండ పడదు, ఆకాశం వెలుతురు మెత్తగా వస్తుంది. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా లోపలికి కొడుతుంది, ఇక షాట్లు కలవవు. పైన గవాక్షిని ముందే మూసేయాలి. లేకపోతే నేల మీద ఎండ మచ్చ పాకుతూ కంటిన్యూటీ చెడగొడుతుంది.

అమ్మ కిటికీకి మూడడుగుల దూరంలో, కొడుకు ఆరడుగుల దూరంలో కూర్చుంటారు. కిటికీ చిన్నది కాబట్టి వాడి మీద వెలుతురు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. మనకు కావలసింది అదే. కెమెరా కిటికీకి ఎదురు గోడ వైపు, అంటే మొహాల్లో నీడ ఉన్న వైపు. అమ్మ క్లోజప్‌కు మాత్రం కెమెరా పక్కన తెల్ల థర్మాకోల్ షీటు పెడతాం. కొడుకు వైపు నల్ల కంబళి. నేల కడప బండలు, నల్లగా ఉండి కింద నుంచి వెలుతురు తిరిగి రాదు. అమ్మ కళ్ల కింద నీడ ఎక్కువైతే, ఫ్రేములో పడకుండా తెల్ల దుప్పటి పరచండి.

దీపాలు రెండే. గూట్లో కనపడే టేబుల్ ల్యాంపులో 5 వాట్ల వార్మ్ ఎల్‌ఈడీ బల్బు. అది అందానికే, ఎక్కువ వెలిగితే ఫ్రేములో తెల్లగా కాలిపోతుంది. అసలు పని చేసేది రెండోది: ఫ్రేము బయట, గూడు ఉన్న వైపే, 12 వాట్ల వార్మ్ బల్బు పెట్టిన క్లాంప్ ల్యాంపు. దాని ముందు ఒక జానెడు దూరంలో బటర్ పేపర్. రెండు బల్బులూ ఒకే కంపెనీవి, 3000 కెల్విన్‌వి తీసుకోండి. రెండింటినీ ఒకే బోర్డుకు కలిపితే అమ్మ నొక్కే స్విచ్‌తోనే రెండూ వెలుగుతాయి. ఆవిడ చెయ్యి, వాడి మొహం ఒకేసారి మారతాయి.

వైట్ బ్యాలెన్స్ 4500 కెల్విన్ దగ్గర లాక్. కిటికీ కొంచెం నీలంగా, దీపం పసుపుగా కనపడతాయి. ఆటో వద్దే వద్దు. 25 ఫ్రేములు, షట్టర్ 1/50. డిమ్మర్ పెట్టొద్దు, చవక బల్బులు దానితో ఫ్లికర్ అవుతాయి. వెలుతురు తగ్గించాలంటే ల్యాంపును వెనక్కి జరపండి.

ముందు వైడ్ షాట్, తర్వాత అమ్మ క్లోజప్. ఈ రెండూ కిటికీ మీదే ఆధారపడ్డాయి. లైటు వేశాక కొడుకు క్లోజప్ చివర్లో తీస్తాం, అప్పటికి కిటికీ వెలుతురు మారినా పరదా సర్ది సరిచేసుకోవచ్చు. కరెంటు పోతే ఆగకుండా అమ్మ డైలాగులు షూట్ చేసేద్దాం, వాటికి దీపం అవసరం లేదు.