నైరుతి పడకగది కొలత మార్పు, ఇటుక సిమెంటు కొత్త లెక్కల గురించి

తెనాలి
12 నవంబరు 2025

వెంకటేశ్వర్లు మేస్త్రి గారికి,

నమస్కారం. ఆదివారం మీరూ నేనూ వరండాలో నిలబడి మాట్లాడుకున్న విషయాన్ని, సోమవారం ఇంజినీరు గారు వచ్చి చూసి ఒప్పుకున్న తర్వాత, ఇప్పుడు కొలతలతో సహా కాగితం మీద పెడుతున్నాను. ఫోనులో చెప్పిన అడుగులు అంగుళాలు రెండు రోజులకు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా గుర్తుంటాయి కాబట్టి, ఈ గది విషయంలో ఇకమీదట ఈ కాగితంలో ఉన్నదే కొలతగా తీసుకోవలసిందిగా కోరుతున్నాను. దీని ప్రకారం ఇటుక, సిమెంటు కొత్త లెక్క మీరు కూడా వేసి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

నైరుతి పడకగది లోపలి కొలత ప్లానులో ఉత్తర దక్షిణాలు 10 అడుగులు, తూర్పు పడమరలు 11 అడుగులు. దీన్ని 10 అడుగులు, 15 అడుగులుగా మారుస్తున్నాను. పెరిగే 4 అడుగులు బయటి స్థలంలోంచి రావడం లేదు. ఆ గది వెనక ఉన్న వరండా వెడల్పు 3 అడుగుల 3 అంగుళాలు, ఇప్పుడున్న పడమటి గోడ మందం 9 అంగుళాలు, ఈ రెండూ కలిసి సరిగ్గా 4 అడుగులు అవుతాయి. అంటే పడమటి గోడ వరండా అంచున ఉన్న ప్లింత్ బీమ్ మీదికి జరుగుతుంది, ఇంటి బయటి గీత మాత్రం అంగుళం కూడా మారదు. ఆ బీమ్ సైజూ ఊచలూ మిగతా బయటి బీములతో సమానమేననీ, 9 అంగుళాల గోడ బరువును అది మోస్తుందనీ ఇంజినీరు గారు డ్రాయింగు చూసి చెప్పారు. వంటింటి వెనక ఉన్న మిగిలిన వరండా యథాతథంగా ఉంటుంది.

పని ఇంత దూరం వచ్చాక మార్చడం మీకు ఎంత ఇబ్బందో నాకు తెలుసు. మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, సంక్రాంతి తర్వాత ఆవిడ ఈ ఇంట్లోనే ఉండబోతున్నారు. మంచం, తోడు పడుకునే వాళ్ల మంచం, బీరువా వేశాక 11 అడుగుల గదిలో వాకర్ తిరగడానికి దారి మిగలడం లేదు. ఈ సంగతి గోడ లేవక ముందే నాకు తోచవలసింది. కనుక ఈ మార్పు వల్ల వృథా అయ్యే పనీ సామానూ నా ఖాతాలోనే రాయండి.

ఇక కూల్చవలసింది. ఇప్పుడున్న పడమటి గోడ శనివారం నాటికి పది వరసలు, అంటే కిటికీ అడుగు మట్టం 3 అడుగుల దాకా లేచింది. అది కట్టి వారం కూడా కాలేదు, మాలు ఒకటికి ఆరు పాలు, కాబట్టి పలుగుతో పొడిచి పడగొట్టకుండా పై వరస నుంచి ఒక్కొక్కటిగా తాపీతో లేపి తీస్తే చాలా ఇటుకలు నిండుగానే వస్తాయని నా అంచనా. తీసిన ఇటుకలకు అంటిన మాలు గీకి, నిండు ఇటుకలు ఒక దిమ్మగా, ముక్కలు వేరుగా పేర్పించి, నిండువి ఎన్ని వచ్చాయో లెక్కబెట్టి చెప్పండి. ఆ సంఖ్య తెలిస్తే తప్ప కింది లెక్క తెగదు. ఆ కూలి రోజు లెక్కన విడిగా ఇస్తాను, కట్టుబడి రేటులో కలపవద్దు.

కొత్తగా కట్టవలసినవి మూడు గోడలు, మూడూ 9 అంగుళాలవే, ప్లింత్ బీమ్ పైనుంచి స్లాబు బీమ్ అడుగు దాకా 9 అడుగుల ఎత్తు. పడమటి గోడ పిల్లర్ల మధ్య 10 అడుగుల పొడవు, అందులో 5 అడుగుల వెడల్పు 4 అడుగుల ఎత్తు కిటికీ పోగా 70 చదరపు అడుగుల కట్టుబడి. దక్షిణం వైపు, ఉత్తరం వైపు చిన్న గోడలు ఒక్కొక్కటి పిల్లర్ల మధ్య 3 అడుగుల 3 అంగుళాలు, రెంటికీ కలిపి 58.5 చదరపు అడుగులు. వీటిలో కిటికీ గాని, తలుపు గాని లేదు. ఉత్తరపు చిన్న గోడ వరండా వైపు గోడే కదా, నాలుగున్నర అంగుళాలు చాలదా అని మీరు అడిగారు. వరండా తెరిచే ఉంటుంది, వాన జల్లు ఆ గోడకు తగులుతుంది, అందుకని అదీ 9 అంగుళాలే ఉండాలి. మొత్తం 128.5 చదరపు అడుగులు.

మన ఇటుక 9, నాలుగుంపావు, 3 అంగుళాలది. అర అంగుళం మాలుతో 9 అంగుళాల గోడకు చదరపు అడుగుకు 8.66 ఇటుకలు పడుతుంది, విరిగేవి కలుపుకొని నేను 9గా తీసుకున్నాను. ఆ లెక్కన కొత్త గోడలకు 1,157 ఇటుకలు కావాలి. పాత లెక్కలో ఈ గది పడమటి గోడకు, 4 అడుగుల కిటికీ పోగా, 74 చదరపు అడుగులకు 666 ఇటుకలు ఉన్నాయి. ఈ గది వెనక వరండా అంచున కట్టవలసిన రెండున్నర అడుగుల పిట్టగోడ ఇక అక్కరలేదు. అది నాలుగున్నర అంగుళాలది, 13 అడుగుల 3 అంగుళాల పొడవుకు 149 ఇటుకలని మీరు లెక్క వేశారు, అవీ మనకు మిగులుతాయి. కాబట్టి పాత లెక్క మొత్తం 815. అందులో లేచిన పది వరసలకు సుమారు 270 ఖర్చయ్యాయి, 545 ఇంకా స్థలంలో దిమ్మల్లోనే ఉండాలి.

కొత్త గోడలకు కావలసిన 1,157లో ఈ 545 తీసేస్తే 612 తక్కువ. కూల్చిన గోడ నుంచి 180 నిండు ఇటుకలు వచ్చాయనుకుంటే 432 తక్కువ, ఒక్కటీ రాకపోతే ఆ 612 మొత్తం. అంటే కొత్తగా తెప్పించవలసింది ఈ రెండు సంఖ్యల మధ్య ఎక్కడో ఉంది. ‘ఒక వెయ్యి చెప్పేయండి బాబూ, మిగిలినా పనికొస్తాయి’ అని మీరు అనబోతారని నాకు తెలుసు. అలా మిగిలినవి మెట్ల కింద ఇప్పటికే ఒక దిమ్మ ఉన్నాయి, ముందు వాటిని కూడా లెక్కలోకి తీసుకోండి. బట్టీ వాళ్లు వెయ్యికి తక్కువైతే ట్రాక్టరు పంపలేమంటున్నారు, అందుకని మేడ మీద పిట్టగోడ ఇటుకతో కలిపి ఒకే ట్రక్కుగా చెబుదామనుకుంటున్నాను. ఆ పిట్టగోడకు పొడవు కొలిచి, ఎన్ని ఇటుకలో మీరు ఇచ్చే లెక్క కాగితం మీదే విడిగా రాయండి.

సిమెంటు విషయంలో నా లెక్క మీ అంత నికరంగా ఉండదు. కట్టుబడికి 9 అంగుళాల గోడ 100 చదరపు అడుగులకు 3 బస్తాలు పట్టిందని పని మొదటి నుంచి రాసుకుంటున్న లెక్కలో కనబడింది. ఆ ప్రకారం కొత్త గోడలకు 4 బస్తాలకు కాస్త తక్కువ, పాత లెక్కలో మిగిలి ఉన్న కట్టుబడికీ వరండా పిట్టగోడకూ కలిపి 2 బస్తాలకు కాస్త తక్కువ, కాబట్టి అదనం 2 బస్తాలు. కూల్చిన గోడలో పోయిన సిమెంటు బస్తా లోపే, అది తిరిగి రాదు. ప్లాస్టరింగ్ విషయానికొస్తే, కొత్త గోడలకు లోపలా బయటా కలిపి 257 చదరపు అడుగులు, పాత గోడకూ పిట్టగోడకూ రెండు వైపులా కలిపి సుమారు 214, తేడా 43 చదరపు అడుగులే. అర బస్తా మించి పెరగదనుకుంటున్నాను, అయితే బయటి వైపు రెండు పూతలు కాబట్టి మీ లెక్క చూశాకే ఒప్పుకుంటాను.

లింటెల్ దగ్గర జాగ్రత్త పడాలి. పాత కిటికీకి పైన వరండా కప్పు ఉండేది, ఎండా వానా తగిలేవి కావు. కొత్త కిటికీ నేరుగా పడమటి ఎండకు ఎదురుగా ఉంటుంది కాబట్టి దానికి 2 అడుగుల సన్‌షేడ్ కావాలి, అది లింటెల్‌తో కలిపి ఒకేసారి పోయాలి. కిటికీ 5 అడుగులు, రెండు వైపులా 9 అంగుళాల ఆనింపు, కాబట్టి లింటెల్ పొడవు 6 అడుగుల 6 అంగుళాలు. ఊచల వివరం ఇంజినీరు గారు రేపు ఇస్తామన్నారు, అది చేతికి వచ్చేదాకా సన్‌షేడ్ పోయకండి. ఈ కాంక్రీటుకు ఒక బస్తా అనుకున్నాను, చాలదంటే చెప్పండి. కిటికీ చట్రం నేను వడ్రంగికి చెప్పి మార్పిస్తాను.

వరండా నేల గది నేలకంటే 3 అంగుళాలు కిందికి ఉంది. ఆ లోతును సిమెంటు కాంక్రీటుతో నింపనక్కరలేదు. గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించి, దాని మీద మిగతా గదిలో వేసే బెడ్ కాంక్రీటునే ఒకే మట్టంలో వేస్తే సరిపోతుంది. గ్రావెల్ ఎంత కావాలో కూడా రాయండి.

కొత్త గోడలు పిల్లర్లను తాకే చోట పిల్లరు ముఖాన్ని గాట్లు పెట్టించి మాలు పట్టేలా చేయండి, ప్లాస్టరింగ్‌కు ముందు ఆ అతుకు మీద చికెన్ మెష్ తప్పనిసరిగా వేయండి. ముందు వరండా గోడలో ఆ చోటే సన్నని చీలిక కనబడింది, అది మీకు చూపించాను. పాత గోడ గీత మీద ఉన్న స్లాబు బీమ్ గది మధ్యలో కిందికి కనబడుతుంది. అది ఉండనివ్వండి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఫ్యాను కొక్కెం కూడా ఇప్పుడున్న చోటే ఉంటుంది, అమ్మ మంచం దాని కిందే వేస్తాం. నాన్నగారికి వాస్తు సందేహం ఉండేది, ఇంటి నాలుగు మూలలూ కదలడం లేదని చెప్పాక ఊరుకున్నారు. కాబట్టి ఆ విషయంగా మీతో ఎవరైనా వేరే మాట చెబితే, నన్ను అడగకుండా పని మార్చవద్దు.

మీరు రాసి ఇచ్చే కాగితంలో ఇటుకల మొత్తం, అందులో పాత గోడ నుంచి వచ్చినవి ఎన్ని, కొత్తగా కొనవలసినవి ఎన్ని, సిమెంటు బస్తాలు కట్టుబడికి వేరుగా, ప్లాస్టరింగ్‌కు వేరుగా, లింటెల్ సన్‌షేడ్‌లకు వేరుగా కనబడాలి. ఇసుక కూడా ఏమైనా పెరిగితే ట్రక్కుల్లో కాకుండా ఘనపుటడుగుల్లో రాయించండి. నా సంఖ్యకూ మీ సంఖ్యకూ తేడా వస్తే తప్పు నాదే అయి ఉండవచ్చు, కాకపోతే ఆ తేడా ఎక్కడ వచ్చిందో ఒక మాట రాస్తే సామాను వాళ్లకు చెప్పే ముందు నాకు తెలుస్తుంది. కట్టుబడి కూలి పాత రేటుకే, పెరిగిన కొలత మేరకు లెక్క కడతాను. కూల్చిన పది వరసలకు మీకు రావలసిన కట్టుబడి కూలి కూడా తగ్గించను.

శనివారం 15వ తేదీ సాయంత్రానికి లెక్క ఇస్తే ఆదివారం నేను హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఇద్దరం మరోసారి టేపు పట్టి చూసుకుని, సోమవారం ఉదయమే ఇటుక చెబుతాను. అప్పటిదాకా తూర్పు గది, వంటిల్లు గోడలు మామూలుగా నడపండి, పడమటి వైపు కొత్త ఇటుక మాత్రం పెట్టించవద్దు. కట్టిన గోడలకు రోజూ నీళ్లు కొట్టడం ఆపవద్దని మీ అబ్బాయికి చెప్పండి.

ఇట్లు,
సత్యనారాయణ