అర్జెంట్ హాట్‌ఫిక్స్ పీఆర్‌కు వేగంగా రివ్యూ: మన టీమ్ పద్ధతి

కర్నూలు యార్డులో ఉల్లి సీజన్ దగ్గర పడుతోంది. ఆ రోజుల్లో మన యాప్ నుంచి కాటా చీటీ రాకపోతే వేలం అయిపోయిన సరుకు కూడా కాటా దగ్గరే ఆగిపోతుంది. హమాలీలు ఖాళీగా కూర్చుంటారు. రాత్రంతా ట్రాక్టరు మీద వచ్చిన రైతు ఎండలో నిలబడతాడు. అలాంటి పూట ఇద్దరి అప్రూవల్ కోసం, నలభై నిమిషాల టెస్టుల కోసం ఆగలేం. అందుకే ప్రొడక్షన్‌లో పెద్ద సమస్య వచ్చినప్పుడు వాడడానికి ఈ వేగమైన దారి పెట్టుకుంటున్నాం.

ఇది రాయడానికి కారణం పోయిన సీజన్‌లో నేను చేసిన తప్పు. ఒక సోమవారం ఉదయం చీటీ ప్రింట్ ఆగింది. నేను ఒక్కడినే కారణం కనుక్కుని, బ్రాంచ్ రక్షణ తీసేసి, కోడ్ నేరుగా పంపేశాను. 12 నిమిషాల్లో చీటీలు మళ్లీ వచ్చాయి. సర్వర్ జవాబు ఆలస్యమైతే రిక్వెస్ట్‌ని ఇంకోసారి పంపే లైను ఒకటి ఆ మార్పులో ఉంది. అది చీటీలకే అనుకున్నాను, చెల్లింపులకూ వర్తించింది. 43 మంది రైతుల ఖాతాల్లో డబ్బు రెండుసార్లు పడింది. వాళ్లలో కొందరు అప్పటికే ఎరువుల అప్పు కట్టేశారు. ఫోన్ చేసి ఆ డబ్బు తిరిగి అడగడం ఎంత కష్టమో మనలో నలుగురికి తెలుసు. "ఈ లైను రెండుసార్లు నడిస్తే ఏమవుతుంది?" అని అడిగే మనిషి ఆ ఉదయం పక్కన ఒక్కరున్నా అది జరిగేది కాదు. కాబట్టి ఈ దారిలో ఎదురుచూపులన్నీ తగ్గిస్తున్నాం. రెండో మనిషి చూడటం మాత్రం ఎప్పటికీ తీసేయం.

ఎప్పుడు వాడాలి

కాటా చీటీ రాకపోవడం, డబ్బు తప్పుగా లెక్క కావడం లేదా తప్పుగా వెళ్లడం, ఒక యార్డు మొత్తానికి లాగిన్ ఆగిపోవడం, రైతుల బ్యాంకు వివరాలు బయటపడే ప్రమాదం ఉండడం: ఇవి నాలుగే. రిపోర్ట్ నెమ్మదిగా రావడం, ఒక మండీ వ్యాపారి ప్రింటర్ పనిచేయకపోవడం ఇందులోకి రావు. ఫోన్ చేసినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా అవి మామూలు దారిలోనే వెళ్తాయి.

ఇన్సిడెంట్ అని ప్రకటించే అధికారం ఆన్-కాల్‌లో ఉన్నవారిది. నన్ను గానీ మేనేజర్‌ని గానీ అడగనక్కర్లేదు. అనుమానంగా ఉంటే ప్రకటించేయండి. తర్వాత చిన్నదని తేలినా ఎవరూ ఏమీ అనరు.

ముందు వెనక్కి వెళ్లగలమా చూడండి

హాట్‌ఫిక్స్ రాసే ముందు రెండు ప్రశ్నలు. ఫీచర్ ఫ్లాగ్ ఆపితే సరిపోతుందా? పాత వెర్షన్‌కు తిప్పితే సరిపోతుందా? చాలాసార్లు ఈ రెండింటిలో ఒకటి సరిపోతుంది, కొత్త కోడ్ అవసరమే రాదు.

వెనక్కి తిప్పడం ఎప్పుడూ సురక్షితమని మాత్రం అనుకోవద్దు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీలో 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అందులో మిగిలిపోయిన పాత కోడ్ తప్పుడు ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. కంగారులో వాళ్లు సరిగ్గా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఆ 7 కూడా పాత కోడే నడిపి నష్టం ఇంకా పెరిగింది. సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయింది. మన దగ్గర దీనికి దగ్గరగా ఉండేది డేటాబేస్ మైగ్రేషన్. చివరి రిలీజ్‌లో ఒక కాలమ్ తీసేసి ఉంటే, పాత కోడ్ ఆ కాలమ్ కోసం వెతికి పడిపోతుంది. తిప్పే ముందు ఆ రిలీజ్‌లోని మైగ్రేషన్ల ఫోల్డర్ తెరిచి చూడండి. ఒక నిమిషం పని.

ముగ్గురు మనుషులు

ఒకరు ఇన్సిడెంట్ నడిపిస్తారు. ఆయన లేదా ఆమె కోడ్ ముట్టుకోరు. యార్డు నుంచి వచ్చే ఫోన్లు తీసుకుంటారు, సమయాలు రాసుకుంటారు. ఒకరు ఫిక్స్ రాస్తారు. మూడో మనిషి రివ్యూయర్. పీఆర్ తయారయ్యాక పిలిస్తే విషయం మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది కాబట్టి, ఆ మనిషి మొదటి నిమిషం నుంచే కాల్‌లో ఉండాలి. లాగ్‌లు చూస్తుండగా, కారణం తేలుతుండగా అక్కడే ఉన్నవారికి డిఫ్ చదవడానికి ఐదు నిమిషాలు చాలు. వేగం మనకు వచ్చేది ఎక్కువగా ఇక్కడి నుంచే.

బ్రాంచ్‌ని `main` నుంచి తీయకండి. అందులో ఇంకా రిలీజ్ కాని పని ఉంటుంది, అదంతా హాట్‌ఫిక్స్‌తో పాటు వెళ్లిపోతుంది.

```
git fetch origin
git switch -c hotfix/kata-cheeti origin/production
```

పీఆర్ `production` మీదకు తెరవండి. అక్కడ ఒక్క అప్రూవల్ చాలు, నడిచే టెస్టులు `hotfix-fast` అనే చిన్న సెట్ మాత్రమే: తూకం లెక్కలు, చెల్లింపులు, పాస్‌వర్డ్‌లూ కీలూ కోడ్‌లో దొరికాయేమో చూసే స్కాన్. 6 నిమిషాల్లో అయిపోతాయి. స్క్రీన్ టెస్టులు, లింట్, మిగతా సెట్ అంతా డిప్లాయ్ తర్వాత నడుస్తాయి. ఈ చిన్న సెట్‌లో ఏదైనా ఎర్రగా వస్తే, "అది ఎప్పుడూ అలాగే ఫెయిల్ అవుతుందిలే" అని దాటించకూడదు.

మార్పు 50 లైన్లు దాటితే అది హాట్‌ఫిక్స్ కాదు. పేర్లు మార్చడం, పక్కన కనిపించిన ఇంకో బగ్ సరిచేయడం, లైబ్రరీ వెర్షన్ పెంచడం వద్దు. పీఆర్ వివరణ ఇంత ఉంటే చాలు:

```
[HOTFIX] కాటా చీటీ: తరుగు ఖాళీగా ఉంటే ప్రింట్ ఆగడం
ఏం జరుగుతోంది: 6:10 నుంచి కర్నూలు యార్డులో చీటీలు రావట్లేదు
కారణం: తరుగు నింపని ఎంట్రీ వస్తే నికర తూకం లెక్క పడిపోతోంది
మార్పు: తరుగు ఖాళీ అయితే 0 గా తీసుకుంటుంది (1 ఫైలు, 4 లైన్లు)
వెనక్కి: ఈ కమిట్‌ని revert చేస్తే చాలు, మైగ్రేషన్ లేదు
```

రివ్యూయర్ ఏం చూడాలి

రాసినవారు స్క్రీన్ షేర్ చేసి ప్రతి లైనూ పైకి చదివి చెప్పాలి. రివ్యూయర్ తన మెషీన్‌లో అదే డిఫ్ తెరిచి పెట్టుకోవాలి. పేర్లు బాగున్నాయా, ఫంక్షన్ పొడవుందా అనేవి ఈ పూట అనవసరం. అడగాల్సినవి వేరు.

ఇది రెండుసార్లు నడిస్తే ఏమవుతుంది? మొదట ఇదే అడగండి. చెల్లింపు ఏదైనా ఒక చీటీ నంబరుకు ఒక్కసారే నమోదు కావాలి. డేటాబేస్‌లో ఆ యూనిక్ నిబంధన ఉందో లేదో కళ్లతో చూడండి, ఉందని నమ్మకండి. ఈ ఫంక్షన్‌ని ఇంకెవరు పిలుస్తున్నారు? నా తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది. ప్రాజెక్ట్ మొత్తం ఒకసారి వెతికితే పది సెకన్లలో తెలిసేది. యార్డులో ఫోన్లలో ఉన్న పాత యాప్ వెర్షన్లు ఈ మార్పుతో పనిచేస్తాయా? గుమాస్తాలు సీజన్ మధ్యలో యాప్ అప్‌డేట్ చేయరు. డబ్బు పైసల్లో పూర్ణాంకంగానే ఉందా, ఎక్కడైనా దశాంశంగా మారిందా? పైన ఉదాహరణలో తరుగు 0 గా తీసుకుంటే రైతుకు చెల్లింపు కొంచెం పెరగవచ్చు, మండీకి నష్టం. అది ఒప్పుకోదగినదా అన్నది కోడ్ ప్రశ్న కాదు, ఇన్సిడెంట్ నడిపించేవారు యార్డు వాళ్లను అడిగి తేల్చాలి.

ఏదైనా అర్థం కాకపోతే రివ్యూయర్ "ఆగండి" అనాలి. ఆ మాట అన్నాక ఆ కోడ్ వెళ్లదు, నేను చెప్పినా వెళ్లదు. టెన్షన్‌లో ఉన్న సీనియర్ ముందు జూనియర్ ఆ మాట అనడం తేలిక కాదని నాకు తెలుసు. అందుకే దీన్ని నియమంగా రాస్తున్నాను. అప్రూవల్ ఇచ్చాక ఇంకో లైను పుష్ చేస్తే పాత అప్రూవల్ రద్దయ్యేలా గిట్‌హబ్‌లో సెట్టింగ్ పెట్టాం. దాన్ని ఎవరూ ఆపవద్దు.

రివ్యూయర్ దొరకకపోతే? మెసేజ్ పెట్టి కూర్చోకండి, ఫోన్ చేయండి. 10 నిమిషాల్లో ఎత్తకపోతే జాబితాలో రెండో మనిషికి, తర్వాత నాకు. అర్ధరాత్రి మూడింటికి ముగ్గురిలో ఎవరూ దొరకకపోతే ఒంటరిగా చేయగలిగేది ఫ్లాగ్ ఆపడం, మైగ్రేషన్ లేని రిలీజ్‌ని వెనక్కి తిప్పడం మాత్రమే. కొత్త కోడ్ పంపకూడదు. రెండూ కుదరకపోతే యార్డుకు ఫోన్ చేసి చేతిరాత చీటీలు వాడమని చెప్పండి. పుస్తకాలు కాటా గదిలో ఉన్నాయి.

డేటా సరిచేసేటప్పుడు

కోడ్ కంటే ఇది ప్రమాదం. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ సెకండరీ డేటాబేస్ సర్వర్‌లో చేస్తున్నాననుకుని అసలు ప్రొడక్షన్ సర్వర్‌లో డేటా ఫోల్డర్ తుడిచేశాడు. సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. అలసిపోయిన మనిషి ఎవరైనా చేయగల తప్పు అది. కాబట్టి ప్రొడక్షన్‌లో నడిపే ప్రతి SQLని కూడా పీఆర్‌లో పెట్టాలి, నడిపే ముందు ఏ సర్వర్‌లో ఉన్నారో పైకి చెప్పాలి, ముందు SELECT తో ఎన్ని వరుసలో లెక్కపెట్టాలి.

```sql
BEGIN;
UPDATE payouts SET status = 'HOLD'
 WHERE batch_id = 4127 AND status = 'QUEUED';
```

వచ్చిన సంఖ్య ముందు లెక్కపెట్టిన సంఖ్యతో సరిపోతే అప్పుడు `COMMIT;` టైప్ చేయండి, లేకపోతే `ROLLBACK;`. మూడూ కలిపి పేస్ట్ చేయవద్దు. `UPDATE` నడిచాక ఆలోచిస్తూ కూర్చోనూ వద్దు, ఆ వరుసలు లాక్‌లో ఉంటాయి.

డిప్లాయ్, ఆ తర్వాత

ముందు ఒక్క సర్వర్‌కు పంపి 10 నిమిషాలు చూడండి. ఎర్రర్లు తగ్గడం ఒక్కటే చాలదు, నిమిషానికి వస్తున్న చీటీల సంఖ్య మామూలుకు వచ్చిందా, ఒకే చీటీ నంబరు మీద రెండు చెల్లింపులు ఏవైనా పడ్డాయా చూడాలి. తర్వాత మిగతా సర్వర్లకు. అన్నిటిలో అదే వెర్షన్ ఉందని నిర్ధారించుకోండి:

```
for h in app1 app2 app3 app4; do
  echo "$h $(curl -s http://$h:8080/version)"
done
```

అదే రోజు ఆ కమిట్‌ని `git cherry-pick -x` తో `main` కు తెచ్చి, ఇద్దరి అప్రూవల్‌తో మామూలు పీఆర్‌గా కలపాలి. ఇది మరిచిపోతే వచ్చే రిలీజ్‌లో అదే బగ్ తిరిగి వస్తుంది. మర్నాడు సాయంత్రం లోపు, ఆ కాల్‌లో లేని ఒకరు మొత్తం మార్పును తీరిగ్గా రివ్యూ చేస్తారు. బగ్‌ని పట్టుకునే టెస్టు ఆ పీఆర్‌లోనే ఉండాలి. ఇది అయ్యేదాకా హాట్‌ఫిక్స్ టికెట్ మూయకూడదు. ఇన్సిడెంట్ కోసం ఇచ్చిన ప్రొడక్షన్ యాక్సెస్ 4 గంటలకు దానంతట అదే పోతుంది, ఇంకా కావాలంటే మళ్లీ అడగాలి.

ఏం జరిగిందో రాసే నోట్‌లో పేర్లు వద్దు, పాత్రలు రాయండి. సమయాలు మాత్రం నిమిషాలతో సహా కావాలి.

సీజన్‌కు ముందు రెండు ఆదివారాలు, యార్డుకు సెలవు ఉన్నప్పుడు, స్టేజింగ్‌లో కావాలని ఒక బగ్ పెట్టి ఈ దారిలో మొదటి నుంచి చివరి దాకా నడిచి చూద్దాం. మొదటిసారి ఫిక్స్ నేను రాస్తాను. రివ్యూయర్‌గా టీమ్‌లో అందరికంటే కొత్తగా చేరినవారు కూర్చోవాలి. రెండుసార్లు నడిస్తే పాడయ్యే లైను ఒకటి అందులో ఉంటుంది.